ఆ మూడు పాయింట్ల ఆధిక్యం వెనక ఎంతమంది ఉన్నారు?

మార్కెట్ సర్వే రిపోర్టు చేతికి రాగానే కన్ను పెద్ద అక్షరాల శీర్షిక మీద పడుతుంది. అక్కణ్ణుంచి రంగుల చార్టు మీదికి పోతుంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఎంతమందిని అడిగారో, ఎలా అడిగారో, శాతాలు ఎంత అటూఇటూ కావొచ్చో చెప్పే మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ఎంతో రాసి ఉంటుంది. అక్కడిదాకా వెళ్లేసరికి శీర్షిక మనసులో నాటుకుపోయి ఉంటుంది. అందుకే రిపోర్టును కింది నుంచి పైకి చదవడం మంచిది. ముందు అడుగున ఉన్న చిన్న అక్షరాలు, తర్వాత చార్టు, చివరికి శీర్షిక.

లెక్క కోసం ఒక రిపోర్టును ఊహించుకుందాం. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ల మీద సర్వే జరిగింది. శీర్షిక: "యువతలో ఎరుపును దాటేసిన నీలం". నీలం, ఎరుపు అన్నవి రెండు బ్రాండ్లు. చార్టులో రెండు నిలువు బార్లు ఉన్నాయి, నీలానిది 34 శాతం, ఎరుపుది 31 శాతం. లోపలి పేజీలో ఇంకో వాక్యం: "ఆరు నెలల క్రితం 28 శాతం దగ్గరున్న నీలం ఇప్పుడు 34కు చేరింది." అడుగున: "శాంపిల్ 1,012 మంది. మార్జిన్ ఆఫ్ ఎర్రర్ ±3.1 శాతం. ఆన్‌లైన్ సర్వే. దేశ జనాభాకు ప్రాతినిధ్యం వహించే శాంపిల్."

ఇది చదివి చాలామంది వేసుకునే లెక్క ఒకటుంది. ఆధిక్యం 3 పాయింట్లు, మార్జిన్ 3.1, రెండూ దాదాపు సమానం, కాబట్టి శీర్షిక కొంచెం అటూఇటూగా నిజమే అయ్యుంటుంది అని. ఈ లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. ఆ 3.1 అనేది ఈ చార్టుకు చెందిన మార్జిన్ కాదు. చెందినా, ఒక బ్రాండ్ శాతానికి వేసే మార్జిన్‌ను రెండు బ్రాండ్ల తేడాకు వాడకూడదు.

చార్టు కింద 'బేస్' ఎంత?

సర్వే చేసేవాళ్ల భాషలో బేస్ అంటే ఆ ప్రశ్నకు నిజంగా జవాబిచ్చినవాళ్ల సంఖ్య. రిపోర్టు మొత్తానికి శాంపిల్ ఒకటే అయినా, ఒక్కో చార్టుకు బేస్ వేరే ఉంటుంది. మన రిపోర్టులో 1,012 మందిని అడిగిన మాట నిజమే. కానీ "ఈ మధ్య ఏ బ్రాండ్ కొన్నారు" అన్న ప్రశ్న గత ఆరు నెలల్లో ఇయర్‌ఫోన్లు కొన్నవాళ్లనే అడిగారు. వాళ్లు 412 మంది. శీర్షిక చెబుతున్నది యువత గురించి, అంటే వాళ్లలో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లు. వాళ్లు 138 మంది. శీర్షిక నిలబడింది ఈ 138 మంది మీదే, 1,012 మంది మీద కాదు.

ఇప్పుడు శాతాలను మనుషులుగా మార్చి చూడాలి. రిపోర్టు చదివేటప్పుడు దీనికన్నా పనికొచ్చే అలవాటు నాకు తెలిసి ఇంకోటి లేదు. 138 మందిలో 34 శాతం అంటే 47 మంది. 31 శాతం అంటే 43 మంది. తేడా నలుగురు. నీలం అన్నవాళ్లలో ఇద్దరు ఎరుపు అని ఉంటే చెరి 45తో సమమయ్యేవి. ముగ్గురు అటు మారితే శీర్షిక "నీలంపై ఎరుపుదే పైచేయి" అయ్యేది. అదే సమయంలో "గుర్తు లేదు" అన్నవాళ్లు 19 మంది ఉన్నారనుకుందాం. ఆధిక్యం నలుగురిది, ఏమీ చెప్పలేనివాళ్లు దానికి నాలుగు రెట్లకు పైనే. ఆ 19 మంది చార్టులో ఎక్కడా కనబడరు, ఎందుకంటే చార్టులో రెండు బార్లే గీశారు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కొన్ని రిపోర్టుల్లో చార్టు కింద బేస్ 138 అని కాక 212 అని రాసి ఉండొచ్చు. అది వెయిటింగ్ చేశాక వచ్చిన సంఖ్య. సర్వేలో యువత తక్కువగా దొరికినప్పుడు, జనాభాలో వాళ్ల వాటాకు సరిపోయేలా ఒక్కొక్కరి జవాబునూ ఒకటిన్నర మందిగా లెక్కగడతారు. అది తప్పేమీ కాదు, చేయాల్సిన పనే. కానీ 138 మందిని 212గా లెక్కించినంత మాత్రాన కొత్తగా 74 మంది జవాబు చెప్పినట్టు కాదు. మార్జిన్ లెక్కకు వెయిటింగ్‌కు ముందు బేస్‌నే తీసుకోవాలి. సర్వే సంస్థలు రిపోర్టుతోపాటు తయారుచేసే వివరాల టేబుళ్లలో సాధారణంగా రెండు బేస్‌లూ ఉంటాయి, అడిగితే ఇస్తారు. అడిగినా ఇవ్వని సంస్థ శీర్షికను పక్కన పెట్టడమే మంచిది.

బార్ల ఎత్తు సంగతి ఇప్పుడు చూద్దాం. నిలువు స్కేలు సున్నా నుంచి మొదలైతే 34, 31 బార్లు దాదాపు ఒకే ఎత్తున ఉంటాయి, నీలం పదోవంతు కూడా ఎక్కువ ఉండదు. అదే స్కేలును 25 దగ్గర మొదలుపెడితే నీలం బార్ 9 గళ్ల ఎత్తు, ఎరుపుది 6 గళ్లు. నీలం ఒకటిన్నర రెట్లుగా కనిపిస్తుంది. 28 దగ్గర మొదలుపెడితే 6కు 3, అంటే రెట్టింపు. అంకెలు మూడింట్లోనూ ఒకటే. బార్ చార్టులో కన్ను పొడవునే కొలుస్తుంది కాబట్టి బార్లకు స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలి. లైన్ చార్టులో కన్ను చూసేది గీత ఎటు వంగుతోందన్నది, అక్కడ స్కేలు సున్నా దగ్గర మొదలవ్వకపోయినా ఫర్వాలేదు. స్కేలు అంకెలే వేయకుండా బార్లు మాత్రం గీసిన చార్టయితే, బార్ల మీద రాసిన శాతాలు తీసుకుని చిత్తుకాగితం మీద సున్నా నుంచి మళ్లీ గీసుకోండి. ఒక్క నిమిషం పని.

ఆధిక్యానికి మార్జిన్ వేరే ఉంటుంది

మార్జిన్ ఆఫ్ ఎర్రర్ చెప్పేది ఇది. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ వేరే మనుషులను ఎంచుకుని అడిగితే, కేవలం ఎంపికలో అదృష్టం వల్ల శాతం ఎంత అటూఇటూ అవుతుందన్నది. సాధారణంగా 95 శాతం నమ్మకంతో చెబుతారు, అంటే ఇరవైసార్లు చేస్తే సగటున పందొమ్మిదిసార్లు ఆ హద్దుల్లో అసలు విలువ ఉంటుందని. దానికి నోటిలెక్క సులభం. 98ని బేస్ వర్గమూలంతో భాగిస్తే శాతం పాయింట్లలో మార్జిన్ వస్తుంది. శాతం 50కి దగ్గరగా ఉన్నప్పుడు ఇది సరిగ్గా సరిపోతుంది. 34 లాంటి శాతాలకు కొంచెం ఎక్కువ చూపిస్తుంది, అంటే జాగ్రత్త వైపే తప్పుతుంది.

1,012 మందికి 3.1 వస్తుంది. అడుగున అచ్చయిన అంకె అదే. 412 మందికి 4.8. 138 మందికి 8.3. అంటే యువతలో నీలం వాటా 34 అని కాక, సుమారు 26 నుంచి 42 మధ్య ఎక్కడో ఉందని చదువుకోవాలి. బేస్ నాలుగు రెట్లయితే గానీ మార్జిన్ సగం కాదన్నది కూడా ఈ లెక్కలోనే కనిపిస్తుంది. దేశంలో కోట్లమంది ఉంటే వెయ్యిమంది ఏం సరిపోతారని కొందరు అడుగుతారు. జనాభా ఎంత పెద్దదైనా ఈ మార్జిన్ దాదాపు మారదు, ఆ భయం అక్కర్లేదు.

ఇప్పుడు ఆధిక్యం. నీలానికి ఒక మనిషి ఎక్కువ వచ్చాడంటే, చాలాసార్లు ఎరుపుకు ఒక మనిషి తగ్గినట్టే. రెండు అంకెలూ ఎదురుబొదురుగా కదులుతాయి కాబట్టి వాటి తేడా ఒక్కో అంకెకన్నా ఎక్కువగా ఊగుతుంది. ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబుల మధ్య తేడాకు మార్జిన్ ఇలా వేస్తారు:

```
1.96 × √( (p1 + p2 − (p1 − p2)²) / n )
```

p1 దగ్గర 0.34, p2 దగ్గర 0.31, n దగ్గర 138 వేస్తే 0.134 వస్తుంది, అంటే 13.4 పాయింట్లు. నీలం ఆధిక్యం 3 పాయింట్లు, దానికి అటూఇటూ 13.4. అసలు సంగతి నీలం 16 పాయింట్లు ముందుండటం కావొచ్చు, ఎరుపు 10 పాయింట్లు ముందుండటమూ కావొచ్చు. ఈ అంకెలు రెండింటినీ కాదనలేవు. కొన్నవాళ్లు మొత్తం 412 మందిలోనూ ఇవే శాతాలు వచ్చాయనుకున్నా తేడా మార్జిన్ 7.8. చివరికి 1,012 మందినీ ఈ ప్రశ్న అడిగి ఇవే శాతాలు తెచ్చినా దాదాపు 5 పాయింట్లు. ఏ రకంగా చూసినా 3 పాయింట్ల ఆధిక్యం తేలదు. లెక్క చేసే తీరిక లేకపోతే ఒక గుర్తు పెట్టుకోవచ్చు. ఆ గుంపుకు చెందిన మార్జిన్‌ను రెట్టింపు చేసి, ఆధిక్యం దాన్ని దాటిందా అని చూడండి. దాటితే గట్టి ఆధిక్యమే. దాటకపోతే పై ఫార్ములాతో పూర్తి లెక్క చేయాలి.

ఆరు నెలల్లో 28 నుంచి 34కు అన్న మాటకూ ఇలాంటి పరీక్షే ఉంది, కాకపోతే ఇక్కడ రెండు వేర్వేరు శాంపిళ్లు. క్రితంసారి యువతలో కొన్నవాళ్లు 131 మంది అనుకుందాం. ఒక్కో సర్వేకు విడిగా మార్జిన్ కట్టి, రెండింటినీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. క్రితంసారికి 7.7, ఈసారికి 7.9 వస్తాయి. కలిపితే 11. పెరుగుదల 6 పాయింట్లు, మార్జిన్ 11. నీలం పెరగలేదని ఇది నిరూపించదు. పెరిగిందని చెప్పే బలం ఈ అంకెలకు లేదు, అంతే. ఒక్క జత అంకెలకు బదులు ఐదారు విడతల వరుస ఇచ్చి, ప్రతి విడతలోనూ నీలం కొంచెం కొంచెంగా ఎక్కుతూ వస్తే అప్పుడు మాట వేరు, అది నమ్మదగిన సూచన. అందుకే "క్రితంసారితో పోలిస్తే" అన్న చోట అంతకుముందు విడతల అంకెలు కూడా అడగాలి. క్రితంసారి అంకె ఎందువల్లో మామూలుకన్నా కిందికి పడి ఉంటే, ఈసారి మామూలుకు వచ్చినా పెద్ద పెరుగుదలలా కనబడుతుంది.

ఇదంతా చూశాక ఒక ప్రశ్న మిగులుతుంది. అసలు శీర్షిక యువత మీదే ఎందుకు పడింది? రిపోర్టు రాసేవాళ్ల ముందు వయసుల వారీగా, ప్రాంతాల వారీగా, ఆదాయం వారీగా, ఆడవాళ్లు మగవాళ్లుగా విడగొట్టిన టేబుళ్లుంటాయి. ఏ గుంపులోనూ నిజమైన తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పోలికలు 95 శాతం నమ్మకంతో పరీక్షిస్తే కనీసం ఒక్కటైనా "తేడా ఉంది" అని తప్పుగా చూపించే అవకాశం 64 శాతం. వాటిలో ఆసక్తికరమైనది ఏరి శీర్షికగా పెట్టడం మోసం చేయాలనే ఉద్దేశం లేకుండానే జరిగిపోతుంది. కాబట్టి మొత్తం కొనుగోలుదారుల ఫలితం ఎలా ఉందో, మిగతా వయసు గుంపుల్లో ఎలా ఉందో వెతకండి. యువత ఒక్కటే విడిగా కనిపిస్తూ మిగతావన్నీ రిపోర్టులో లేకపోతే, ఏరుకున్నారనే అనుకోవాలి.

శాంపిల్ వివరణలో లేని మాటలు

ఇప్పటిదాకా చేసిన లెక్కలన్నిటికీ అడుగున ఒక షరతుంది. జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం ఉండి, ఆ అవకాశం ఎంతో తెలిసి, లాటరీ తీసినట్టు ఎంచుకుని ఉండాలి. అప్పుడే మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌కు దాని అసలు అర్థం ఉంటుంది. మన రిపోర్టు "ఆన్‌లైన్ సర్వే" అని మాత్రమే చెప్పింది. ఆన్‌లైన్ సర్వేల్లోనూ రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో సంస్థే చిరునామాల జాబితా నుంచి యాదృచ్ఛికంగా మనుషులను ఎంచి, ఇంటర్నెట్ లేనివాళ్లకు దాన్ని సమకూర్చి మరీ ప్యానెల్ కడుతుంది. ఇది ఖర్చుతో కూడిన పని, మార్కెట్ సర్వేల్లో తక్కువ. రెండోదాంట్లో పాయింట్ల కోసమో కానుకల కోసమో తమంతట తాము పేరు నమోదు చేసుకున్నవాళ్లుంటారు. రిపోర్టు ఏ రకమో చెప్పకపోతే సాధారణంగా రెండోదే.

ఈ రెండో రకానికి మామూలు మార్జిన్ ఆఫ్ ఎర్రర్ వేయడం తగదని అమెరికాలోని ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం ఆపార్ చాలాకాలంగా చెబుతోంది. లాటరీ తీయనిచోట లాటరీ అదృష్టానికి కొలత ఎక్కడిది? అయినా ±3.1 అని రాస్తూనే ఉంటారు. అలాంటి చోట ఆ అంకెను "కనీసం ఇంత తప్పు ఉండొచ్చు" అని చదువుకోవడం ఉత్తమం.

"దేశ జనాభాకు ప్రాతినిధ్యం వహించే శాంపిల్" అన్న మాటకు చాలాసార్లు అర్థం ఒక్కటే: వయసు, లింగం, ప్రాంతం జనాభా నిష్పత్తిలో సరిపోయేలా కోటాలు పెట్టారు. ఇరవై అయిదేళ్ల యువకుల సంఖ్య సరిపోతుంది. ఆ యువకులు రోజంతా ఫోన్ మీద సర్వేలు నింపేవాళ్లా, అసలు నింపనివాళ్లా అన్నది కోటా చూడదు. ఇయర్‌ఫోన్ల సర్వేలో ఇది సూటిగా తగులుతుంది. ఆన్‌లైన్‌లో ఎక్కువసేపు ఉండేవాళ్లే ప్యానెల్లో చేరతారు. నీలం బ్రాండ్ ఆన్‌లైన్‌లో ఎక్కువ అమ్ముడుపోయి, ఎరుపు దుకాణాల్లో ఎక్కువ అమ్ముడుపోతుంటే, ప్యానెల్ మొదటినుంచే నీలం వైపు మొగ్గి ఉంటుంది. పదివేలమందిని అడిగినా ఆ మొగ్గు పోదు. మార్జిన్ మాత్రం 1 శాతానికి దిగి, తప్పు అంకెకు కచ్చితత్వం అంటగడుతుంది.

దీనికి అందరూ చెప్పుకునే పాత ఉదాహరణ 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలది. లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటిమందికి బ్యాలెట్లు పంపి, 23 లక్షలకు పైగా జవాబులు తెచ్చుకుని, రూజ్‌వెల్ట్ ప్రత్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. దాదాపు 61 శాతం ఓట్లతో రూజ్‌వెల్ట్ గెలిచాడు. పేర్లు తీసిన జాబితాలు టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల వైపు మొగ్గి ఉన్నాయి. పైగా జవాబు రాసి పంపినవాళ్లు పంపనివాళ్లలాంటివాళ్లు కారు. 23 లక్షలమందికి మార్జిన్ కడితే ఒక శాతంలో పదోవంతు కూడా రాదు.

యువత విషయంలో ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2022లో స్వచ్ఛందంగా చేరిన ప్యానెల్ మీద ఒక పరీక్ష చేసి, అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు మీకుందా అని అడిగింది. 30 ఏళ్లలోపు వాళ్లలో 12 శాతం ఉందన్నారు. నిజంగా అలాంటివాళ్లు దాదాపు ఎవరూ ఉండరు. కానుక కోసం ప్రశ్న చదవకుండా "అవును" నొక్కేవాళ్లు, వయసు అబద్ధం చెప్పి లోపలికి వచ్చేవాళ్లు ఆ గుంపులో ఎక్కువగా పోగవుతారన్నమాట. మన 138 మందిలో 12 శాతం అంటే 16 లేక 17 మంది. ఆధిక్యం నలుగురిదని గుర్తుంది కదా.

కాబట్టి శాంపిల్ వివరణలో వెతకాల్సింది: ప్యానెల్ మనుషులను ఎలా చేర్చారు, సర్వే ఏ తేదీల్లో జరిగింది, వెయిటింగ్ ఏ అంశాల మీద చేశారు, మరీ తొందరగా ముగించినవాళ్లను, అన్నిటికీ ఒకే జవాబు నొక్కినవాళ్లను తీసేశారా, తీసేస్తే ఎంతమందిని. తేదీలు చిన్న విషయంలా కనిపిస్తాయి గానీ, నీలం బ్రాండ్ పెద్ద తగ్గింపు ధర ఇచ్చిన వారంలో సర్వే జరిగి ఉంటే శీర్షికకు వేరే వివరణ దొరికినట్టే. సర్వేకు డబ్బు పెట్టిందెవరో కూడా అక్కడే ఉండాలి. నీలం కంపెనీయే పెట్టి ఉంటే ప్రశ్నావళి మొత్తం అడగండి. ఆ ప్రశ్నకు ముందు ఏం అడిగారో చూడాలి. నీలం ప్రకటన చూశారా అని ముందే అడిగి, ఆ తర్వాత ఏ బ్రాండ్ కొన్నారని అడిగితే, సరిగ్గా గుర్తులేనివాళ్ల నోటికి నీలమే ముందొస్తుంది.

ఈ అంకెలతో ఏం చెప్పొచ్చు

శీర్షిక నిలవనంత మాత్రాన రిపోర్టు మొత్తం పనికిరాదని కాదు. ఇదే చార్టులో మూడో బ్రాండ్ ఆకుపచ్చకు 12 శాతం, అంటే 17 మంది వచ్చారనుకుందాం. ఎరుపుకూ దానికీ తేడా 19 పాయింట్లు. పై ఫార్ములాలో వేస్తే ఈ తేడా మార్జిన్ 10.5. తేడా దాన్ని బాగా దాటింది. ప్యానెల్ మొగ్గు సంగతి పక్కన పెడితే, అదే 138 మందితో ఈ మాట చెప్పొచ్చు: యువతలో నీలం, ఎరుపు రెండూ ఆకుపచ్చకన్నా స్పష్టంగా ముందున్నాయి, వాటిలో ఏది ముందో ఈ సర్వే తేల్చలేదు.

అది తేలాలంటే ఎంతమంది కావాలో అదే ఫార్ములాను తిప్పి రాస్తే వస్తుంది. 34, 31 శాతాల దగ్గర 3 పాయింట్ల తేడా మార్జిన్‌ను దాటాలంటే, గత ఆరు నెలల్లో ఇయర్‌ఫోన్లు కొన్న 18–29 ఏళ్ల వాళ్లే సుమారు 2,770 మంది కావాలి. ఈ సర్వేలో వెయ్యిమందికి అలాంటివాళ్లు 136 మందే దొరికారు. అదే నిష్పత్తిలో వెళితే, ఆ ఒక్క శీర్షిక కోసం ఇరవై వేలమందికి పైగా అడగాల్సి వస్తుంది.